స్కోరింగ్ మోడల్ ఆడిట్: రిపోర్ట్ అంతా గ్రీన్‌గా ఉంటే ఎక్కడ తవ్వాలి?

ప్రశ్న: బెంగళూరులో ఒక ఎన్‌బీఎఫ్‌సీలో ఇంటర్నల్ ఆడిట్‌లో ఉన్నాను, సీఏ చేశాను. టూవీలర్ లోన్లకి వాడే ఆటోమేటిక్ స్కోరింగ్ మోడల్‌ని ఈ క్వార్టర్‌లో ఆడిట్ చేయమన్నారు. మోడల్ టీమ్ ఇచ్చిన వ్యాలిడేషన్ రిపోర్ట్‌లో జీని 48, పీఎస్‌ఐ 0.06, అన్నీ గ్రీన్. నాకు పైథాన్ రాదు, ఎస్‌క్యూఎల్ కొద్దిగా వచ్చు. ఆ రిపోర్ట్ చూసి సంతకం పెట్టడం తప్ప నేను చేయగలిగింది ఏమైనా ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

సమాధానం:

ఆ వ్యాలిడేషన్ రిపోర్ట్‌ని ఒక వారం పక్కన పెట్టండి. అందులో అంకెలు తప్పని నేననను. కాకపోతే ఆ రిపోర్ట్ రాసినవాళ్లు, మోడల్‌లోకి వెళ్లిన డేటాని ఉన్నది ఉన్నట్టుగా తీసుకుని లెక్కలు వేసి ఉంటారు. లోపలికి వెళ్లేముందు ఆ డేటాకి దారిలో ఏం జరిగిందో చాలాచోట్ల ఎవరూ చూడరు. మీరు చూడాల్సింది అదే. దానికి పైథాన్ అక్కర్లేదు. మీకొచ్చిన ఎస్‌క్యూఎల్, ఎక్సెల్ సరిపోతాయి. ఓచర్ పట్టుకుని బిల్లుదాకా వెళ్లే అలవాటు సీఏలకి ఎలాగూ ఉంటుంది, ఇక్కడ కావాల్సిందీ అదే అలవాటు.

కొన్నేళ్ల కిందట బెంగళూరులోనే, మీలాగే టూవీలర్ లోన్లిచ్చే ఒక కంపెనీలో నేను చేసిన ఆడిట్ చెబుతాను. కంపెనీ పేరు రాయను, అంకెల్ని కూడా కాస్త గుండ్రంగా మార్చాను. లెక్క నడిచిన తీరు మాత్రం అదే.

అక్కడ నెలకి సుమారు 20,000 అప్లికేషన్లు వచ్చేవి. షోరూమ్‌లో సేల్స్ అబ్బాయి ట్యాబ్‌లో వివరాలు కొడతాడు, సిస్టమ్ అతని అప్పుల చరిత్ర కోసం క్రెడిట్ బ్యూరోని అడుగుతుంది, జవాబు వచ్చాక స్కోర్ కార్డు పాయింట్లు కూడుతుంది. వయసు ఇంత ఉంటే ఇన్ని పాయింట్లు, డౌన్ పేమెంట్ ఇంత శాతమైతే ఇన్ని, బ్యూరో స్కోర్ ఈ మెట్టులో ఉంటే ఇన్ని. మొత్తం కటాఫ్ దాటితే పాస్. ఇదంతా ఒక నిమిషంలోపే అయిపోతుంది, మధ్యలో మనిషి చెయ్యి పడదు. వాళ్ల వ్యాలిడేషన్ రిపోర్ట్ కూడా మీదాంట్లాగే అంతా గ్రీన్.

నేను మొదటిరోజు నాలుగు అడిగాను. స్కోర్ కార్డు డాక్యుమెంట్, అంటే ఏ మెట్టుకి ఎన్ని పాయింట్లో రాసి ఉన్న కాగితం. స్కోర్ లాగ్, అంటే ప్రతి అప్లికేషన్‌కీ ఏ ఇన్‌పుట్ వెళ్లింది, ఏ వెర్షన్ మోడల్ ఏ టైముకి ఎంత స్కోర్ ఇచ్చింది అన్న రికార్డు. బ్యూరో నుంచి వచ్చిన ముడి జవాబులు దాచిన టేబుల్. చివరగా లోన్ సిస్టమ్‌లోని కిస్తీల లెడ్జర్. మీ కంపెనీలో స్కోర్ లాగ్ ఉండి, అందులో స్కోర్ మాత్రమే దాచి ఇన్‌పుట్లు దాచకపోతే ఇంకేమీ చూడక్కర్లేదు, మీ మొదటి ఫైండింగ్ అదే. ఆర్నెల్ల తర్వాత ఒక కస్టమర్ వచ్చి నాకెందుకు లోన్ ఇవ్వలేదని అడిగితే జవాబు చెప్పే దారి ఆ కంపెనీకి ఉండదు.

తర్వాత 60 అప్లికేషన్లు తీసుకున్నాను. 20 పాసైనవి, 20 రిజెక్ట్ అయినవి, 20 కటాఫ్‌కి అటూ ఇటూ అయిదు పాయింట్ల లోపు ఉన్నవి. కటాఫ్ పక్కన ఉన్నవి తప్పకుండా తీసుకోండి, చిన్న పొరపాటు నిర్ణయాన్నే తిప్పేసేది అక్కడే. స్కోర్ లాగ్‌లో ఉన్న ఇన్‌పుట్లని ఎక్సెల్‌లో పెట్టి, డాక్యుమెంట్ ప్రకారం పాయింట్లు కూడాను. 60కి 60 కలిశాయి. మోడల్ టీమ్ చాలా సంతోషపడింది. మోడల్ కూడికలు సరిగ్గా చేస్తోందని మాత్రమే దాని అర్థం. చాలామంది ఆడిటర్లు ఇక్కడే ఆగిపోతారు, నేనూ మొదట్లో రెండు ఆడిట్లలో ఇక్కడే ఆగాను.

రెండోసారి అవే 60ని మళ్లీ చేశాను. ఈసారి లాగ్‌లోని ఇన్‌పుట్లు ముట్టుకోలేదు. బ్యూరో ముడి జవాబు తెరిచి, అందులోంచి స్కోర్ నా కళ్లతో చదివి రాసుకున్నాను. అప్లికేషన్ ఫారం, స్కాన్ చేసిన కాగితాలు చూసి వయసు, డౌన్ పేమెంట్ రాసుకున్నాను. ఈసారి 57 కలిశాయి, మూడు కలవలేదు. ఆ మూడింటిలోనూ లాగ్‌లో `bureau_score` దగ్గర `-1` అని ఉంది. ముడి జవాబు వెతికితే, అక్కడ అసలు జవాబే లేదు. ఖాళీ.

ఇది అర్థం కావాలంటే ఆ `-1` సంగతి చెప్పాలి. మన దేశంలో క్రెడిట్ బ్యూరోలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. సిబిల్ స్కోర్ 300 నుంచి 900 మధ్య ఉంటుందని అందరికీ తెలిసిందే. అప్పు చరిత్రే లేని మనిషికి స్కోర్ బదులు `-1` అని వస్తుంది. మొదటిసారి లోన్ తీసుకునే కుర్రాళ్లు టూవీలర్లలో ఎక్కువ కాబట్టి, వాళ్ల స్కోర్ కార్డులో `-1` ఒక మెట్టుగా ఉండేది. దానికి మధ్యస్తంగా పాయింట్లు ఇచ్చేవాళ్లు. అది తప్పేం కాదు, కొత్తవాళ్లంతా ఎగ్గొట్టేవాళ్లు కాదు కదా.

తప్పు ఒకే ఒక్క లైను కోడ్‌లో ఉంది. బ్యూరో స్కోర్ దొరక్కపోతే `-1` వెయ్యమని డెవలపర్ రాశాడు: `COALESCE(bureau_score, -1)`. బ్యూరో "ఈ మనిషికి చరిత్ర లేదు" అని చెప్పడం వేరు, కనెక్షన్ టైమవుట్ అయి బ్యూరో అసలు నోరే విప్పకపోవడం వేరు. ఆ లైను రెండింటినీ ఒకే గాటన కట్టేసింది. బ్యూరో జవాబివ్వకపోతే పాత అప్పులు ఎగ్గొట్టినవాడు కూడా ఆ క్షణానికి కొత్త కస్టమర్ అయిపోతాడు.

మోడల్ కట్టినప్పుడు ఇది ఎందుకు బయటపడలేదంటే, అప్పుడు వాడిన డేటా బ్యూరో నుంచి ఒకేసారి ఫైలుగా తెప్పించింది. ఫైల్‌లో టైమవుట్లు ఉండవు. ప్రతి మనిషికీ స్కోరో, చరిత్ర లేదన్న మాటో తప్పకుండా ఉంటుంది. మోడల్ నేర్చుకున్న `-1` వేరు, షోరూమ్‌లో కనిపిస్తున్న `-1` వేరు. అందుకే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: కట్టినప్పటి డేటా ఏ దారిన వచ్చింది, ఇప్పుడు ఏ దారిన వస్తోంది? రెండు దార్లూ వేరైతే ప్రతి ఫీల్డ్‌కీ ఖాళీ ఎలా వస్తుందో, దాన్ని దేనితో పూడుస్తున్నారో విడిగా అడగండి.

మూడు తేడాలు చూపిస్తే "అవి ఎక్కడో ఒకటీ అరా సార్" అంటారు. కాబట్టి నెల మొత్తానికీ లెక్క తీయాలి. నెల తేదీల షరతు పక్కన పెడితే, నేను నడిపిన క్వెరీ దాదాపు ఇంతే:

```sql
SELECT r.status, COUNT(DISTINCT s.app_id)
FROM score_log s
LEFT JOIN bureau_raw r
  ON r.app_id = s.app_id
 AND r.received_at <= s.scored_at
WHERE s.bureau_score = -1
GROUP BY r.status;
```

ఇందులో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. సిస్టమ్ బ్యూరోని రెండు మూడు సార్లు అడుగుతుంది కాబట్టి ఒకే అప్లికేషన్‌కి చాలా వరసలు ఉంటాయి. అందుకే `DISTINCT`. ఒక అప్లికేషన్ రెండు రకాల స్టేటస్‌ల కిందా పడితే దాన్ని చేత్తో చూసి తేల్చుకోండి. రెండోది ముఖ్యం. స్కోర్ వేసేశాక రెండు నిమిషాలకి బ్యూరో జవాబు వచ్చి టేబుల్‌లో కూర్చుని ఉండొచ్చు. ఈ రోజు చూసే మీకు జవాబు కనిపిస్తుంది, ఆ రోజు స్కోర్ వేసిన మోడల్‌కి కనిపించలేదు. అందుకే `received_at` షరతు. ఆ షరతుని `WHERE` కిందకి దింపకండి. దింపితే అసలు జవాబే లేనివి లెక్కలోంచి మాయమైపోతాయి, మనం వెతికేది వాటినే.

ఆ నెల 20,000 అప్లికేషన్లలో `-1` ఉన్నవి 3,600 వచ్చాయి. అందులో 2,750 మందికి బ్యూరో నిజంగానే చరిత్ర లేదంది. మిగతా 850 మందికి స్కోర్ వేసే టైముకి ఏ జవాబూ లేదు.

ఇప్పుడు మీ రిపోర్ట్‌లోని పీఎస్‌ఐ దగ్గరికి వద్దాం. మోడల్ కట్టినప్పటి జనానికీ, ఇప్పుడొస్తున్న జనానికీ ఎంత తేడా ఉందో చెప్పే కొలత అది. 0.1 లోపు ఉంటే మార్పు లేనట్టు, 0.25 దాటితే గట్టిగా చూడాలి అన్నది ఈ రంగంలో వాడుక. సూత్రం ఇది:

```
PSI = Σ (a − e) × ln(a / e)
```

`e` అంటే కట్టినప్పటి వాటా, `a` అంటే ఇప్పటి వాటా. మా కేసులో కట్టినప్పుడు `-1` వాటా 14 శాతం, ఇప్పుడు 18 శాతం. లెక్క వేస్తే ఆ మెట్టు వల్ల వచ్చేది 0.04 × ln(0.18/0.14), అంటే సుమారు 0.010. మిగతావాళ్లందరినీ ఒకే మెట్టుగా చూస్తే అటు నుంచి ఇంకో 0.002. మొత్తం 0.012. హద్దు 0.1 అయితే మన దోషం అందులో ఎనిమిదో వంతు. నెలకి 850 మందికి తప్పు డేటాతో స్కోర్ వేస్తున్నా పీఎస్‌ఐ గ్రీన్‌లోనే ఉంటుంది. పీఎస్‌ఐ జనం మారారా అని చూస్తుంది, డేటా నిజమా అని అడగదు. మీ రిపోర్ట్‌లోని 0.06 చూసి డేటా క్వాలిటీ బాగుందని ఎవరైనా అంటే ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి.

850 టైమవుట్లని గంటలవారీగా విడగొడితే ఎక్కువ సాయంత్రం 6 నుంచి 9 మధ్య, నెలాఖరు రోజుల్లో, దసరా దీపావళి వారాల్లో ఉన్నాయి. బ్యూరో లైన్ మీద ఒత్తిడి ఎక్కువయ్యే టైమది. సాంకేతిక సమస్యే అనుకుని ఊరుకునేవాణ్ణి. కానీ ఒక షోరూమ్‌లో ఈ రకం అప్లికేషన్లు మిగతావాటి కన్నా బాగా ఎక్కువగా కనిపించాయి. హోసూరు రోడ్డు మీద ఉంటుంది ఆ షోరూమ్. ఒక సాయంత్రం వెళ్లి కూర్చున్నాను.

కౌంటర్‌లో ఉన్న అబ్బాయిది కదిరి. తెలుగు వినబడగానే కుర్చీ జరిపి కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. అతని ట్యాబ్ పక్కన నాలుగు అప్లికేషన్ ఫారాలు క్లిప్పు పెట్టి ఉన్నాయి. మధ్యాహ్నం నుంచీ ఉన్నాయట. ఇంకా ఎందుకు ఎక్కించలేదని అడిగాను. "ఇవి డౌట్ కేసులు సార్. ఏడు దాటాక పెడితే పాసైతాయి. మా సీనియర్ చెప్పినాడు" అన్నాడు. ఎందుకు పాసవుతాయో అతనికి తెలియదు. అందులో మోసం ఉందని కూడా అనుకోలేదు, ఏడు దాటాక సర్వర్ బాగా పని చేస్తుందనుకున్నాడు. మోడల్‌లోని కన్నాన్ని డేటా సైంటిస్టులు రెండేళ్లలో చూడలేదు. షోరూమ్ కుర్రాళ్లు మాత్రం అనుభవంతో పట్టేశారు. మీరు కూడా ఒక్క పూట ఫీల్డ్‌కి వెళ్లండి. ఏ ఫైల్‌ని ఎప్పుడు ఎక్కిస్తారు, ఆదాయం కాలమ్‌లో ఏ అంకె కొడితే పాసవుతుందని వాళ్లు అనుకుంటున్నారు, ఈ రెండూ అడగండి. ఆ అబ్బాయి సంగతి నేను రిపోర్ట్‌లో పేరు పెట్టి రాయలేదు. సిస్టమ్ తప్పుకి అతని ఉద్యోగం పోకూడదు.

ఇక్కడిదాకా వచ్చింది డేటా తప్పు. దానివల్ల నష్టం జరిగిందా అన్నది విడిగా నిరూపించాలి, లేదంటే మేనేజ్‌మెంట్ "తప్పే, కానీ ప్రభావం లేదు" అని మూసేస్తుంది. 850లో 510 మందికి లోన్లు వెళ్లాయి. నిజంగా కొత్తవాళ్లయిన 2,750లో 1,650 మందికి వెళ్లాయి. ఆరు నెలల తర్వాత ఎంతమంది 30 రోజులకి మించి కిస్తీ బాకీ పడ్డారో లెడ్జర్‌లో చూశాను. కొత్తవాళ్లలో 99 మంది, అంటే 6 శాతం. టైమవుట్ గుంపులో 66 మంది, అంటే సుమారు 13 శాతం.

రెండు గుంపుల్నీ కలిపితే 2,160 లోన్లు, 165 బాకీలు, 7.6 శాతం. కంపెనీ నెలవారీ మానిటరింగ్ రిపోర్ట్‌లో ఉన్నది ఈ కలిపిన అంకే. 6 అనుకున్నచోట 7.6 వచ్చింది కాబట్టి "కొత్త కస్టమర్ల నాణ్యత కొంచెం తగ్గింది, గమనిస్తున్నాం" అని రాసి వదిలేశారు. కొత్త కస్టమర్లకి ఏమీ కాలేదు. వాళ్లు 6 శాతం దగ్గరే ఉన్నారు, పక్కన కూర్చోబెట్టిన వేరేవాళ్ల వల్ల వాళ్లకి చెడ్డపేరు వచ్చింది. ఆ రిపోర్ట్ చూసి ఎవరైనా `-1` మెట్టు పాయింట్లు తగ్గించి ఉంటే, మొదటిసారి లోన్ కోసం వచ్చిన అమాయకులకి దారి మూసుకుపోయేది. నాకు బాగా బాధ కలిగించింది ఈ సంగతే.

66 అన్నది యాదృచ్ఛికంగా వచ్చిందేమో అని అడుగుతారు. 510 మందిలో 6 శాతం చొప్పున 31 రావాలి. అదృష్టం దురదృష్టం వల్ల అటూ ఇటూ పదీ పదకొండు ఊగవచ్చు. 66 అలా రాదు. ఇంకో అభ్యంతరం కూడా వస్తుంది, ఇది న్యాయమైనదే: సాయంత్రం వచ్చేవాళ్లే వేరే రకం జనమేమో, బ్యూరో జవాబుతో సంబంధం లేదేమో? దీనికి కారణం దాకా తవ్వాలి. అప్పటికే లోన్ తీసుకున్నవాళ్ల బ్యూరో వివరాలు పోర్ట్‌ఫోలియో రివ్యూ కోసం కంపెనీ కొన్నాళ్లకోసారి తెప్పించేది. ఆ ఫైల్‌లో ఈ 510 మందినీ వెతికాను. 140 మందికి మన లోన్ తేదీకి ముందే వేరేచోట రైటాఫో, 90 రోజులు దాటిన బాకీయో ఉంది. ఈ 140లో 41 మంది మన దగ్గర కూడా బాకీ పడ్డారు. మిగిలిన 370 మందిలో పడింది 25 మంది, అంటే 6.8 శాతం, కొత్తవాళ్లకి దగ్గరగానే. సాయంత్రం అన్నది కారణమైతే ఈ 370 మంది కూడా చెడిపోయి ఉండాలి. తీగ లాగితే డొంకంతా ఆ 140 మంది దగ్గర కదిలింది.

రైటాఫ్ ఉన్నవాళ్లని నేరుగా రిజెక్ట్ చేసే పాలసీ రూల్ ఆ కంపెనీలో ఉంది. మరి ఆ 140 మంది ఎలా దాటారు? ఆ రూల్ కూడా అదే బ్యూరో జవాబు మీద ఆధారపడి ఉంది. జవాబు లేనప్పుడు రైటాఫ్‌ల సంఖ్య సున్నా అని తీసుకుంది. మోడల్, రూల్ రెండు వేరు వేరు కాపలాలని బోర్డుకి చెప్పారు, రెండూ ఒకే గుమ్మంలో నిలబడి ఉన్నాయి. మీ దగ్గర ఎన్ని రూల్స్ ఉన్నా, ఏది ఏ డేటా మీద నడుస్తోందో గీసి చూసుకోండి.

ఒక హెచ్చరిక. ఆడిట్ కోసమని రిజెక్ట్ అయినవాళ్ల బ్యూరో రిపోర్ట్‌లు కొత్తగా తెప్పించకండి. వాళ్లు సమ్మతి ఇచ్చింది లోన్ అప్లికేషన్ కోసం, అది ముగిసిపోయింది. ఉన్న ఫైళ్లతోనే పని చేయండి. రిజెక్ట్ అయినవాళ్లలో ఎంతమంది బాగా కట్టి ఉండేవాళ్లో ఆ డేటా నుంచి తేలదు, ఆ హద్దుని రిపోర్ట్‌లో ఒప్పుకోండి.

జీని 48 గురించి రెండు మాటలు. మంచివాళ్లని, చెడ్డవాళ్లని మోడల్ ఎంత బాగా వేరు చేస్తోందో అది చెబుతుంది. కానీ ఎవరు మంచి, ఎవరు చెడ్డ అన్నది ముందే ఎవరో ఒక కాలమ్‌లో రాసి పెట్టారు. 12 నెలల్లో 90 రోజుల బాకీ పడితే చెడ్డ అనే నిర్వచనం ఎక్కువగా వాడతారు. ఆ కాలమ్ ఎలా నింపారో మీరు చూడాలి. నేను చూసినచోట ఒక తిరకాసు ఉంది. నలభై రోజులు బాకీ ఉన్న కస్టమర్‌కి టాప్-అప్ లోన్ ఇచ్చి, దాంతో పాత లోన్ మూసేవాళ్లు. పాత లోన్ "క్లోజ్డ్" అయిపోయింది కాబట్టి ఆ కస్టమర్ మంచివాడిగా రాసేశారు. దీన్ని పట్టుకోవడం తేలిక. మంచి అని రాసి, గడువుకి ముందే మూసిన లోన్లు తీసి, మూసిన రోజుకి బాకీ రోజులు సున్నా కన్నా ఎక్కువ ఉన్నవి, అదే మనిషికి వారంలోపు కొత్త లోన్ ఉన్నవి వేరు చేయండి. అలాగే, వేరే సంస్థకి అమ్మేసిన బాకీ లోన్లు లెడ్జర్‌లోంచి పోయి ఉంటాయి, శాంపుల్‌లో వాటి జాడే ఉండదు. మోడల్ కట్టిన లోన్లు 2019-20 నాటివైతే ఇంకో సంగతి కూడా చూడండి. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా ఆర్‌బీఐ మారటోరియం ఇచ్చింది. మారటోరియం తీసుకున్న ఖాతాలకి ఆ నెలల్లో బాకీ రోజులు పెరగలేదు. ఆ నెలలు మీదుగా పోయిన లోన్లలో చెడ్డవాళ్లు నిజం కన్నా తక్కువగా కనిపిస్తారు.

మానిటరింగ్ విషయంలో మీరు పట్టుబట్టాల్సింది ఒక్కటే చాలు: ఫలితాల్ని లోన్ ఇచ్చిన నెలవారీగా, స్కోర్ మెట్టువారీగా, అనుకున్నది ఎంత వచ్చింది ఎంత అని పక్కపక్కన చూపించాలి. మొత్తం పోర్ట్‌ఫోలియోకి ఒకే బాకీ శాతం చూపిస్తే, కంపెనీ వేగంగా లోన్లు పెంచుతున్నంత కాలం అది బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే నిన్న ఇచ్చిన లోన్‌కి బాకీ పడే టైమే ఇంకా రాలేదు. 12 నెలలు ఆగితేగాని అసలు ఫలితం తెలియదు కాబట్టి, మొదటి కిస్తీయే కట్టనివాళ్ల శాతం, మూడో నెలకి 30 రోజులు దాటినవాళ్ల శాతం ముందుగా చూడాలి. మా కేసులో మొదటి కిస్తీ లెక్కని `-1` లోపల టైమవుట్, నిజమైన కొత్త అని విడగొట్టి ఉంటే రెండు నెలల్లోనే విషయం బయటపడేది.

వ్యాలిడేషన్ ఎవరు చేశారో కూడా చూడండి. అక్కడ మోడల్ కట్టిన టీమ్‌లోనే ఇంకో ఇద్దరు చేశారు, కట్టినవాళ్లిచ్చిన ఇన్‌పుట్ ఫైల్‌తోనే. అమెరికా ఫెడరల్ రిజర్వ్ 2011లో ఇచ్చిన ఎస్‌ఆర్ 11-7 మార్గదర్శకాల నుంచీ స్వతంత్ర వ్యాలిడేషన్ అన్నది ఈ రంగంలో మూలసూత్రం. క్రెడిట్ మోడళ్ల రిస్క్ మీద ఆర్‌బీఐ 2024 ఆగస్టులో ముసాయిదా విడుదల చేసింది, అందులోనూ ఇది ఉంది. మీ రిపోర్ట్‌లో ప్రమాణంగా ముందు మీ కంపెనీ బోర్డు ఒప్పుకున్న మోడల్ పాలసీనే చూపండి. సొంత పాలసీని కాదనడం ఎవరికీ కుదరదు.

ఫైండింగ్ రాసేటప్పుడు "డేటా క్వాలిటీ బలహీనంగా ఉంది" లాంటి వాక్యం రాయకండి, దానికి "మెరుగుపరుస్తాం" అనే జవాబే వస్తుంది. నేను రాసింది ఇలా ఉంది: "బ్యూరో జవాబు అందని అప్లికేషన్లని సిస్టమ్ చరిత్ర లేని కస్టమర్లుగా స్కోర్ చేస్తోంది. పరిశీలించిన నెలలో ఇలాంటివి 850, అందులో 510కి లోన్ ఇచ్చారు. వీరిలో 140 మందిని కంపెనీ పాలసీ ప్రకారమే తిరస్కరించాల్సింది." మోడల్‌ని ఎలా మార్చాలో నేను చెప్పలేదు. ఆడిటర్ మందు రాసిస్తే వచ్చే ఏడాది అదే మందుని ఆడిట్ చేయలేడు.

బిజినెస్ హెడ్ మొదట ఒప్పుకోలేదు. జవాబు రాని కేసుల్ని ఆపితే డీలర్ వేరే కంపెనీకి పోతాడన్నారు. ఆయన భయం అబద్ధం కాదు, షోరూమ్‌లో పది నిమిషాలు ఆలస్యమైతే కస్టమర్ ఫైల్ పక్క కంపెనీ ట్యాబ్‌లోకి పోతుంది. చివరికి జవాబు లేకపోతే స్కోర్ వేయకుండా పెండింగ్‌లో పెట్టి, సిస్టమ్ తనంతట తానే మళ్లీ అడిగేలా మార్చారు. జవాబు స్థితికి వేరే ఫీల్డ్ పెట్టి, `-1` ని బ్యూరో చెప్పినప్పుడే వాడేలా చేశారు. పెండింగ్‌లో పడినవాటిలో చాలావరకు పది నిమిషాల్లోనే తేలిపోయాయి.

మార్చామని చెప్పాక మూడు నెలలకి నేను అదే క్వెరీ మళ్లీ నడిపాను. `-1` ఉండి జవాబు లేనివి సున్నా వచ్చాయి. కానీ అంతటితో ఆపలేదు. పెండింగ్ క్యూలోంచి మనిషి చేత్తో పాస్ చేసినవి ఎన్ని అని చూశాను, 23 ఉన్నాయి. అందులో 19 ఒకే ఏరియా మేనేజర్ లాగిన్ నుంచి. కన్నం పూడ్చినచోట పక్కనే ఇంకో దారి తెరుచుకుంది. చేత్తో పాస్ చేసేవాటికి నెలవారీ హద్దు, కారణం రాయడం, వాటి ఫలితాలు విడిగా చూడటం అప్పుడు తెచ్చారు.

మీరు రేపు ఆఫీసుకి వెళ్లగానే బ్యూరో ముడి జవాబుల టేబుల్‌కి యాక్సెస్ అడగండి. అది ఐటీ, లీగల్ రెండింటి అనుమతీ దాటి రావాలి, మాకు రెండు వారాలు పట్టింది. ఎన్నాళ్ల డేటా దాస్తున్నారో కూడా అదే మెయిల్‌లో అడగండి. మూడు నెలలే దాస్తుంటే, ఇప్పుడున్నది చెరిపేయకుండా ఆపమని వెంటనే రాతపూర్వకంగా కోరండి. యాక్సెస్ వచ్చేలోపు ఎక్సెల్‌లో 60 అప్లికేషన్ల లెక్క మొదలుపెట్టొచ్చు. ఎక్కడైనా ఆగితే ఇక్కడే అడగండి, కస్టమర్ వివరాలు మాత్రం పెట్టకండి.